వెండి రేకు లేని కాజు కత్లీ

వెండి రేకు అద్దేటప్పుడు రామతులసమ్మ ఫ్యాను ఆపేస్తుంది. మే నెల ఎండలోనైనా అంతే. కిటికీ రెక్కలు మూసి, పనిలో తోడుండే రేణుకను కాసేపు మాట్లాడొద్దంటుంది. ఊపిరి తగిలితే రేకు ముడుచుకుపోతుంది. వేలు తగిలితే వేలికే అంటుకుంటుంది. అందుకని రేకును చేత్తో ముట్టదు. రేకున్న పలచటి కాయితాన్ని ఎత్తి, ఇంకా కొంచెం తడిగా ఉన్న కత్లీ మీద బోర్లించి, పైనుంచి మెత్తగా నిమిరి, ఒక మూల పట్టుకుని ఊడదీస్తుంది. వెండి మిఠాయి మీద నిలుస్తుంది.

ఇదంతా భర్త పోయినాక ఆమె రేకులు చెడగొట్టుకుంటూ నేర్చుకున్న పని. మార్కాపురంలో అమ్మవారిశాలకు వాసవీ జయంతి నైవేద్యం పద్దెనిమిదేళ్లుగా ఆమె ఇంటి నుంచే పోతోంది. ఆ నమ్మకం మీదే పెళ్లిళ్ల ఆర్డర్లు వస్తాయి.

ఈ ఏడు జయంతికి ముందు రోజు పొద్దున్నే శాల పెద్ద నాగభూషణరావు వచ్చినాడు. అప్పటికే నాలుగు పళ్లేలకు రేకు అద్దేసి ఉంది. ఆయన కూర్చోలేదు. ఫోనులో ఏదో వీడియో చూసినాడంట. ఎద్దు పేగు తోలుతో పుస్తకంలాగా కుట్టి, ఆకుల మధ్య వెండి ముక్కలు పెట్టి గంటల తరబడి సుత్తితో కొడతారని, అట్ల తయారయ్యేదే ఈ రేకని అందులో చూపించినారంట.

తన సరుకునే అనుమానించినాడని రామతులసమ్మ నొచ్చుకుంది. ఒక రేకు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. అది వేలిలో ఇంకిపోయినట్టు మాయమైంది. అల్యూమినియం అయితే చిన్న ఉండలు కట్టేదని చెప్పింది. ఇంకో రేకును పొయ్యి మంట మీద పెడితే ముడుచుకుని ఆవగింజంత మెరిసే పూసయింది. అల్యూమినియమైతే బూడిదయ్యేది.

"వెండేనని తెలిసింది చెల్లెమ్మా. దేంట్లో పెట్టి కొట్టినారో నీ వేలికి తెలుస్తదా?" అన్నాడాయన.

నిజమే, తోలులో కొట్టిన రేకూ మిషన్లో చేసిన రేకూ పక్కపక్కన పెట్టినా కంటికి తేడా దొరకదు. రేకు తయారీలో జంతువుల నుంచి వచ్చిందేదీ వాడగూడదని ప్రభుత్వం నిబంధన పెట్టి ఏళ్లయింది. ఇప్పుడు చాలామంది ప్రత్యేకమైన కాయితాల మధ్య మిషన్‌తో కొట్టిస్తున్నారు. అయితే ఆ సంగతి చెప్పాల్సింది డబ్బా మీద శాకాహారమని తెలిపే పచ్చచుక్క, లైసెన్సు నంబరు. ఆ డబ్బా ఆమె దగ్గర లేదు. గాలికి వెండి నల్లబడుతుందని, కొన్న రోజే అట్ట చించి పొయ్యిలో వేసి, రేకులను బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో దాచడం ఆమెకు అలవాటు.

సరుకిచ్చే వెంకటేష్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చేత్తో కొట్టేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు పిన్నీ, అంతా మిషనే అన్నాడతను. డబ్బా ఫోటో పంపమంది. కంపెనీ సరుకు అయిపోతే పోయిన నెలలో హైదరాబాదులో తెలిసినాయన దగ్గర విడిగా తెచ్చి ఇచ్చినానని అప్పుడు నసిగినాడు. దానికి కంపెనీ డబ్బా లేదని, ఉత్త అట్టపెట్టెలో పెట్టి ఇచ్చినానని అన్నాడు. ఆ సరుకూ శాకాహారమేనని ఆయన చెప్పినాడన్నాడు.

"నువ్వు చూసినావా?"

"చెప్పినాడు పిన్నీ."

ఆమె ఫోన్ పెట్టేసింది. నాగభూషణరావు గొంతు తగ్గించినాడు. "మిషన్‌దేనని నువ్వొక మాట అను. కమిటీకి నేను చెప్పుకుంటా. లేదంటే నైవేద్యం ఆర్డరు బస్టాండు కాడ దుకాణానికి ఇచ్చేయమంటారు."

"తెలిస్తే అంటా అన్నా. తెలీదు."

సాయంత్రం ఆరు దాకా చూస్తానని ఆయన వెళ్లిపోయినాడు.

రామతులసమ్మ నాలుగు పళ్లేలూ పక్కకు జరిపింది. పైపైన గీరినా రేకు మిఠాయిలో కలిసిపోయి ఉంటుంది, విడదీయడం కుదరదు. సంగతంతా విన్న రేణుక, "మేము ఆదివారం కోడిని తినేవాళ్లం గదక్కా, మాకేం పట్టింపు," అంది. ఆ మిఠాయి తర్లుపాడులోని వాళ్లింట్లో పంచుకోమని రామతులసమ్మ రేణుకకే ఇచ్చేసింది.

మళ్లీ జీడిపప్పు పొడి కొట్టి రెండుసార్లు జల్లించింది. ఇన్నాళ్లూ సన్నటి పగుళ్లున్నా రేకు కప్పేసేది. ఇప్పుడు కప్పేది లేదు. తీగపాకం కాస్త ముదిరిందని మొదటి వాయి పక్కన పెట్టేసింది. రెండో వాయిని నెయ్యి రాసిన బటర్ పేపర్ కింద పెట్టి, నునుపు వచ్చేదాకా కర్రతో ఒత్తింది. కోసిన ముక్కల అంచులు తెల్లగా, తిన్నగా వచ్చినాయి.

ఆరింటికి శాల దగ్గర నాగభూషణరావు మూత తీసి, ఒక ముక్కను తిప్పి తిప్పి చూసినాడు. అనుమానం ఇంకా పోలేదు ఆయన మొహంలో.

"మెరుపు లేదేందని జనం అడుగుతారు."

"నా దగ్గరికి పంపించన్నా. ఎందుకు లేదో నేను చెప్తా."

ఆయన మూత పెట్టి, పళ్లేలు తనే ఎత్తుకుని గర్భగుడి పక్క గదిలోకి పోయినాడు. బస్టాండు దుకాణానికి ఫోన్ చేయలేదు.