కోసేసిన లేబుల్

నా మొదటి ఇంటర్వ్యూకి వేసుకెళ్లిన నీలిగళ్ల చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక షోరూముల్లో డజను చొక్కాలు కొన్నా ఒక్కటీ అలా ఒంటికి నప్పలేదు. అచ్చం అలాంటి గుడ్డతోనే ఇంకోటి కుట్టించుకుందామని పంజాగుట్టలో ఒక ముసలి దర్జీ దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన లోపలి మడతలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగిలింది.

"అసలు కాటన్. మిల్లు పేరు గుడ్డ తాను అంచు మీద ఉంటది, కుట్టినంక ఏడ దొరుకుతది? కుట్టినాయన దగ్గర అడగాలె. ఆర్డరు బుక్కుల గుడ్డ ముక్క పిన్ను కొట్టి పెడతం మేము." కాలర్ తిప్పి చూశాడు. "గీడ లేబుల్ ఉండె. ఎవరో కోసిండ్రు."

కోసింది నేనే. అమీర్‌పేట హాస్టల్లో ఆ చిన్న టౌను టైలర్ లేబుల్ చదివి రూమ్మేట్లు పడీ పడీ నవ్వితే, నేను దాని మీది పేరైనా సరిగా చదవకుండా బ్లేడుతో కోసి పారేశాను. గుడ్డ ఎంచి, కుట్టించి తెచ్చింది మా బావ. తర్వాత ఓసారి ఆయన హాస్టల్‌కి వస్తే, రూమ్మేట్లకి "మా ఊరాయన" అని పరిచయం చేశాను. ఆయన మళ్లీ నా గుమ్మం తొక్కలేదు.

"ఫికర్ చేయకు సార్. కుట్టించినాయన్ని అడిగితే అయిపాయె. ఎవరాయన?" అన్నాడు దర్జీ.

బావ నంబరు నా సెల్‌ఫోన్‌లోనే ఉంది.

"మా ఊరాయన" అన్నాను.