ఇరవై నిమిషాలు ముందు నడిచిన గడియారం

పేర్లు చెప్పను. చెప్పకూడదని నాకు నేర్పింది, ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఆవిడే.

మా ఆసుపత్రిలో ప్రతి నెలా మొదటి గురువారం మధ్యాహ్నం ఒక మీటింగు ఉంటుంది. ఆ నెలలో అనుకోకుండా పోయిన ప్రాణాల గురించి, వికటించిన వైద్యం గురించి డాక్టర్లూ నర్సులూ కూర్చుని మాట్లాడుకుంటారు. తప్పు ఎవరిదని తేల్చడానికి కాదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అన్నదే చర్చ. రూలు కాగితం మీద అలాగే ఉంది, మనుషులు దాని ప్రకారం ఉంటారా లేదా అన్నది వేరే సంగతి. గంటసేపు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడినదాన్ని రెండు పేజీల నివేదికగా కుదించడం అక్క ఉద్యోగం. నేను రికార్డు రూము గుమాస్తాని, ఆవిడకు కావాల్సిన కేసు షీట్లు తీసిచ్చేదాన్ని, వాటితో మీటింగులో కూడా కూర్చునేదాన్ని. మా బల్లలు పక్కపక్కనే.

ఆవిడ వెనక జనం చిత్రగుప్తమ్మ అనేవారు. ఆవిడ క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చుంటే అక్కడ మాటలు ఆగిపోయేవి. రెండు నిమిషాల్లో ఒక్కొక్కరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. చివరికి గోడవారన ఉన్న చిన్న బల్ల ఆవిడకు ఖాయమైపోయింది. నాకు ఒళ్లు మండి వెళ్లి ఎదురుగా కూర్చునేదాన్ని. ఇంట్లోనూ ఆవిడ ఒక్కర్తే. ఒకసారి జ్వరం వస్తే చూడటానికి వెళ్లాను. రెండు కుర్చీలున్నాయి, ఒకదాని మీద ఇస్త్రీ బట్టల దొంతర. అది తీసి నన్ను కూర్చోబెట్టడానికి ఆవిడ పడ్డ కంగారు చూస్తే, ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఎన్నేళ్లయిందోననిపించింది. ఇంకోసారి ఆఫీసులో ఉండగా ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి "ఇవాళ ఏంటక్కా విశేషాలు" అనడిగితే "ఏం లేవే" అంది. ఆ పూటంతా ఆవిడ చేసింది ఒకరి చావు గురించి రాయడం. బయట చెప్పకూడదు మరి.

రాసే పద్ధతి మాత్రం చెప్పవచ్చు. మూడు భాగాలు. మొదటిది జరిగిన క్రమం: ఏ సమయానికి ఏమైంది, ఆ సమయం ఏ కాగితంలో ఉంది. రెండోది దోహదం చేసిన కారణాలు. మూడోది ఒప్పుకున్న చర్యలు: ఎవరి బాధ్యత, ఏ తేదీలోపు, జరిగిందని ఎలా తెలుస్తుంది. పేర్లుండవు, "వార్డు నర్సు", "డ్యూటీ డాక్టరు" అంతే. ఎవరో అన్న మాట వేరు, అందరూ ఒప్పుకున్న మాట వేరు అని ఆవిడ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. "నిర్లక్ష్యం" అన్న మాట ఆవిడ కాగితంలో కాలు పెట్టలేదు.

ఆ నెల కేసు పేగు ఆపరేషనైన రెండోరోజు పోయిన ఒక పెద్దాయనది. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని ల్యాబువాళ్లు వార్డుకు ఫోన్ చేశారు. ల్యాబు కంప్యూటర్లో ఆ ఫోను సమయం మధ్యాహ్నం ఒకటీ నలభై. నర్సు రాసిన షీట్లో డాక్టరుకు చెప్పిన సమయం రెండూ ఐదు. డాక్టరు తన చేతి గడియారం చూసి రాసిన ప్రకారం ఆయన వచ్చింది రెండుంబావుకు, తర్వాత ఐదు నిమిషాలకే గుండె ఆగింది. "పాతిక నిమిషాలు ఆ అమ్మాయి ఏం చేస్తోంది?" అన్నారొకరు. ఇక ఆ మాట మీదే మీటింగు ముగిసిపోయింది. ఆ నర్సు ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ నివేదికతో ఉద్యోగాలకు సంబంధం ఉండకూడదు, కానీ నర్సింగ్ సూపరింటెండెంటు బయటికొస్తూ "అందులో ఆలస్యమని రానీ, అప్పుడు ఆ పిల్ల ఉద్యోగం ఖాయం చేసే సంతకం సంగతి చూస్తాను" అనడం నేను చెవులారా విన్నాను.

మర్నాడు అక్క షీట్లు పరుచుకుని కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచింది.

"ఇటు చూడు. గుండె ఆగింది రెండూ నలభైకి అని రాసిందీ పిల్ల. మానిటర్ కాగితం మీద రెండూ ఇరవై."

"తర్వాతెప్పుడో గుర్తు తెచ్చుకుని రాసుంటుందిలే అక్కా. మీటింగులో అదేగా అన్నారు."

"ల్యాబు ఫోను రెండింటికొచ్చిందని రాసింది. ల్యాబేమో ఒకటీ నలభై అంటోంది. గుర్తు తెచ్చుకుని రాస్తే రెండుచోట్లా సరిగ్గా ఇరవై నిమిషాలే ఎందుకు తప్పుతుంది?"

లేచి వార్డుకు నడిచింది, వెనకే నేను. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది, నా ఫోన్లో పదకొండుకు పది నిమిషాలు తక్కువ. వార్డు సిస్టరమ్మ నవ్వింది. "అది మేమే ముందుకు జరుపుకున్నాం. డ్యూటీ మారేవాళ్లు టయానికి రావట్లేదని. మా వాళ్లందరికీ తెలుసుగా, ఇరవై తీసేసి రాస్తారు."

"ఆ రోజు డ్యూటీలో ఉన్న పిల్లకి తెలుసా?" అంది అక్క.

సిస్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు మనుషులు చాలక ఆ అమ్మాయిని వేరే వార్డు నుంచి ఒక్కపూటకు పంపారు. ఎవరూ చెప్పలేదు.

ఇరవై తీసేస్తే లెక్క తిరగబడింది. నర్సు డాక్టరుకు కబురు పంపింది ఒకటీ నలభై ఐదుకు, అంటే ఫోనొచ్చిన ఐదు నిమిషాలకే. టెలిఫోను ఎక్స్చేంజి పుస్తకంలో వార్డు నుంచి ఆపరేషన్ థియేటరుకు వెళ్లిన ఫోను అదే సమయానికి ఉంది. మిగతా అరగంట డ్యూటీ డాక్టరు ఆపరేషన్‌లో చేతులు పెట్టి ఉన్నాడు. అతని బదులు ఎవరు వెళ్లాలో ఎవరూ నిర్ణయించలేదు.

మీటింగుకు అధ్యక్షుడు పెద్ద సర్జను. డ్యూటీ డాక్టరు ఇరుక్కుపోయిన ఆ ఆపరేషన్ కూడా ఆయన చేసిందే. చిత్తుప్రతి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"మీటింగులో అనుకున్నది రాయండమ్మా, చాలు."

"అనుకున్నది రాశాను సార్. సమయాలు మాత్రం మనం అనుకునేవి కావు. మీటింగు తర్వాత తెలిసిందని విడిగా పెట్టాను. దీని మీద చర్చ జరగలేదు కాబట్టి కారణాలూ చర్యలూ ఖాళీగా వదిలాను. మళ్లీ కూర్చుంటే నింపుతాను."

ఆయన ఆ కాగితాలు మొదటినుంచి మళ్లీ చదివాడు. తర్వాత సోమవారానికి మీటింగు పెట్టమన్నాడు. మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ రోజు నుంచి ఆయన కూడా కారిడార్లో ఆవిడను చూసి తల తిప్పుకునేవాడు. కానీ సోమవారం నిజాయితీగా కూర్చున్నాడు, అది ఒప్పుకోవాలి. గడియారాలన్నీ ల్యాబు సమయానికి సరిచేయాలి, ఇంజనీరింగు విభాగం, వారంలోపు. డ్యూటీ డాక్టరు థియేటరులో ఉంటే బదులు ఎవరో పొద్దున్నే బోర్డు మీద రాయాలి, సర్జరీ విభాగం, రేపటినుంచే, నెలాఖరున బోర్డులు లెక్కచూడాలి. పరాయి వార్డు నుంచి వచ్చిన నర్సుకు అక్కడి పద్ధతులు చెప్పి సంతకం తీసుకోవాలి. అక్క అన్నీ రాసుకుంది. నివేదిక కింద రాసినవారి పేరు ఉండదు.

రెండు నెలలకు ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో చాక్లెట్ల డబ్బా పట్టుకుని బల్ల బల్లకూ తిరిగింది. మా దగ్గరికొచ్చి నాకొకటి ఇచ్చింది. అక్క వైపు చూసి డబ్బా మూసేసింది. నా చెవి దగ్గర వంగి, అయినా వినబడేలానే, "మీరెలా కూర్చుంటారండీ ఈవిడతో? నా మీద రాసింది ఈవిడే" అని వెళ్లిపోయింది.

నాకు ఒంటికాలి మీద లేవాలనిపించింది. నోరు తెరవబోతే బల్ల కింద అక్క నా కాలు తొక్కింది. మీటింగు మాట బయటికి రాకూడదు.

చాక్లెట్ విరిచి సగం ఆవిడ ముందు పెట్టాను. వెనక్కి జరిపింది.

"అది నీకిచ్చింది, నువ్వే తిను," అంది. ఆ అమ్మాయి అవతలి బల్ల దగ్గర ఎవరితోనో నవ్వుతోంది. అక్క అటే చూస్తూ ఉండిపోయింది. "చూడు, తేరుకుంది పిల్ల. ఆ నెలంతా ఎంత వాడిపోయి ఉండేదో."

తర్వాత ప్లేటు తీసుకుని చేయి కడుక్కోవడానికి వెళ్లింది. దారిలో ఉన్న బల్ల దగ్గర మాటలు ఆగాయి, ఆవిడ దాటిపోయాక మళ్లీ మొదలయ్యాయి.