ఇరవై గ్రాముల రొట్టె

నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లు నా జీవితంలో ముగ్గురు. మొదటివాడు ఐదో తరగతి మాస్టారు. రెండోవాడు పోస్టాఫీసులో నా పై అధికారి. మూడో మనిషి ఆస్పత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి. మొదటి ఇద్దరూ తర్వాత తప్పు ఒప్పుకున్నారు. నేనే ఒప్పించాను. ఈ మూడో సంగతి అంత తేలిగ్గా తేలలేదు.

నా కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకన్ను అప్పటికే అంతంతమాత్రం. విమానాశ్రయం దగ్గర లంబాలైన్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే శబ్దం వినాలే తప్ప దాని రెక్క కనిపించేది కాదు. ఆపరేషన్ చెయ్యాలంటే ముందు చక్కెర దిగాలన్నాడు కంటి డాక్టరు. ఆరు వారాల లోపు, పొద్దున్న పరగడుపున నూటనలభై దాటకుండా వరసగా మూడు వారాలు చూపిస్తే తేదీ ఇస్తానని, లేకపోతే మళ్లీ వరసలో నిలబడాలని చెప్పి, నన్ను పథ్యం గదికి పంపాడు.

ఆ గదిలో కూర్చునే అమ్మాయి ఈ దీవుల్లోనే పుట్టిన మన తెలుగు పిల్ల. ముప్పై ఏళ్లు ఉండవు. ఆమె చెప్పిన పద్ధతి నాకు నచ్చింది, అది దాచను. అన్నం మానమనలేదు. పండు ముట్టొద్దనలేదు. తిండిలో పిండిపదార్థం పదిహేను గ్రాములు ఉన్నదాన్ని ఒక వంతు అనుకోమంది. కప్పులో మూడోవంతు వండిన అన్నం ఒక వంతు. ఒక రొట్టె ఒక వంతు. చిన్న అరటిపండు ఒక వంతు, బొప్పాయి ముక్కలైతే కప్పు నిండా ఒక వంతు. నాకు పొద్దున్న మూడు, మధ్యాహ్నం నాలుగు, రాత్రి నాలుగు. వాటిలో దేన్ని తీసి దేన్ని పెట్టుకున్నా ఫర్వాలేదు, వంతులు మాత్రం పెరగకూడదు. ఆకుకూరకీ బీరకాయకీ పట్టింపు లేదు. చేపకు అసలు లెక్కే లేదు. మా దీవుల్లో ఉండేవాడికి ఇంతకంటే ఏం కావాలి. అన్నం కొలవడానికి ఒక ప్లాస్టిక్ కప్పు చూపించి, ఇవన్నీ రాసి ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో ఉత్తరాలు తూచినవాణ్ణి. లెక్క చెబితే తప్పే మనిషిని కాను. గోల్ ఘర్ బజారుకు వెళ్లి అచ్చం అలాంటి కప్పే కొన్నాను. మధ్యాహ్నం కప్పూ, పైన మరో మూడోవంతూ అన్నం, ఒక్క మెతుకు ఎక్కువ లేదు. రాత్రి అన్నం మానేసి మూడు రొట్టెలు, ఒక అరటిపండు. మూడూ ఒకటీ నాలుగు. చక్కెర వచ్చినవాడు రాత్రి రొట్టె తినాలని మా వాళ్లందరూ అనే మాటే. రొట్టెకూ చక్కెరకూ సంబంధం లేనట్టు మాట్లాడతారు. నేనూ అలాగే అనుకున్నాను.

రోజూ వేలు పొడుచుకుని మిషన్‌లో చూసి, అంకెలు మా ఆవిడ చేత పుస్తకంలో రాయించాను. మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు నూటయాభై, నూటఅరవై. రాత్రి భోజనం అయ్యాక రెండు వందల డెబ్బై. తెల్లవారి నూటతొంభై. రెండు వారాలూ ఇంతే.

ఆ పుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లాను. గది బయట బెంచీ మీద అయిదారుగురున్నారు. తలుపు తెరిచే ఉంది. ఆమె పేజీలు తిప్పి, పెన్ను మూత పెట్టి, నావైపు చూసింది.

“అంకుల్, దోపహర్ భోజనం దాకా అంతా బరాబర్ ఉంది. రాత్రే పెరుగుతోంది. రాత్రి ఇంకేమైనా తింటున్నారా? సచ్ చెప్పండి, నేనేం అనను.”

నేను తినడం లేదన్నాను. కాగితంలో ఉన్నదే తింటున్నానన్నాను. ఆమె తల ఊపింది. ఆ ఊపు నాకింకా గుర్తే. చిన్నపిల్లవాడు జామకాయ దొంగతనం చెయ్యలేదంటే పెద్దవాళ్లు ఊపే ఊపు. “చాలామంది అలాగే అంటారు అంకుల్,” అంది. బెంచీ మీద ఎవరో నవ్వారు. ఎవరో కనిపించలేదు గానీ గొంతు గుర్తుపెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేదాకా బస్సులో వారాలు లెక్కేసుకున్నాను. డాక్టరు ఇచ్చిన గడువులో మిగిలింది నాలుగు వారాలు. అందులో మూడు వారాలు అంకె దిగి ఉండాలి. అంటే తప్పు ఎక్కడుందో వారంలో పట్టుకోవాలి. ఆమె పట్టుకోదు, ఆమెకు దొంగ దొరికేశాడు. కనుక నేనే పట్టుకోవాలి.

మర్నాడు మళ్లీ గోల్ ఘర్ వెళ్లి వంటింటి కాటా కొన్నాను. చిన్నది, ఒక్కో గ్రాము చూపించేది. ముందుగా ఒక కవర్లో కాగితాలు పెట్టి నా చేత్తో బరువు చూసి, ఇరవై గ్రాములని చెప్పి, కాటా మీద పెట్టాను. మామూలు ఉత్తరానికి మొదటి స్టాంపు ఇరవై గ్రాముల దాకానే. ఆ బరువు నా అరచేతికి తెలుసు. కాటా ఏమంటోందని మా ఆవిణ్ణి అడిగాను. ఇరవై ఒకటి అంది. కాటా మంచిదే.

ఆ సాయంత్రం రొట్టెలకు పిండి తీస్తుంటే గిన్నె ముందు ఖాళీగా పెట్టించి, కాటా సున్నా చేయించి, మూడు రొట్టెలకు ఎంత పడుతుందో అంతా వేయమన్నాను. వేసింది. అంకె చదవమన్నాను.

“నూటయాభై,” అంది.

గోధుమపిండి ప్యాకెట్ వెనక ఏం రాసి ఉందో చూడమన్నాను. కళ్లజోడు పైకెత్తి, దీపం దగ్గరికి వెళ్లి, వంద గ్రాముల్లో పిండిపదార్థం డెబ్బై రెండని చదివింది. నూటయాభైలో నూటఎనిమిది. పదిహేనుతో భాగిస్తే ఏడు దాటింది. మూడు వంతులనుకుని నేను రాత్రికి ఏడు వంతులు తింటున్నాను. అరటిపండు కూడా వదల్లేదు. మా పెరటి గెల పళ్లు బాగా ఊరతాయి. తొక్క తీసి తూస్తే నూటముప్పై గ్రాములుంది. కాగితం చెప్పే చిన్న పండుకు రెట్టింపు, అంటే రెండు వంతులు. మొత్తం తొమ్మిది పైన. నాలుగుండాల్సిన చోట తొమ్మిది.

నాకు కోపం రావాలి గానీ ముందు ప్రాణం తేలికపడింది. నేను దొంగను కాను. కాగితంలో రొట్టె ఒకటి అని ఉంది, ఎంత రొట్టె అని లేదు. తప్పు కాగితానిది. ఫిర్యాదు రాయడానికి పెద్ద అక్షరాలు కనిపించేలా మందపాటి పెన్ను వెతుక్కున్నాను.

అప్పుడే మా ఆవిణ్ణి ఒక మాట అడిగాను, అడక్కపోయినా బాగుండేది. చక్కెర మనిషికి ఇంతింత రొట్టెలు చేస్తారా అని.

ఆమె పొయ్యి మీద కూర కలపడం ఆపలేదు. మా పెళ్లయిన కొత్తలో పక్కింటి దీదీ దగ్గర రొట్టె నేర్చుకున్న సంగతి ఎత్తింది. మా ఆవిడ పుట్టింటివాళ్లది సముద్రం మీద బతికిన కుటుంబం, మూడు పూటలా అన్నం, రొట్టె కర్ర ఎప్పుడూ పట్టలేదు. దీదీ చిన్న చిన్న ఫుల్కాలు నేర్పింది. మొదటిరోజు తను అవి నా కంచంలో వేసిందట.

“‘ఇది రొట్టా, అప్పడమా’ అన్నారు. మీ తమ్ముడి ముందర. గుర్తు నేదేటి?”

నిజంగా గుర్తు లేదు. అలా అని ఉంటే సరదాకే అని ఉంటానన్నాను.

“మీకు సరదాయే. ఆ రోజు నుంచి కంచం అంత రొట్టే సేస్తన్నాను. ముప్పై ఏళ్లయి ఒక్కపాలి కూడా సిన్నది సెయ్యనేదు. ఇప్పుడు సెయ్యమంతారా?”

చెయ్యమన్నాను. గొంతు తగ్గించే అన్నాను. ఆమె నూటయాభైలోంచి తొంభై గ్రాములు తీసి డబ్బాలో పోసింది. మిగిలిన అరవైని కలిపి మూడు ముద్దలు చేసింది. ఒక్కోదానికీ ఇరవై గ్రాముల పిండి, అంటే ఒక వంతు, నా లెక్కలో ఒక్కో ఉత్తరం. అరటిపండు సగం కోసి మిగతా సగం తను తింది. కూర మాత్రం కంచం నిండా వేసింది. ఆ పూట రెండు గంటల తర్వాత మిషన్ నూటఅరవై ఎనిమిది చూపించింది. ఆకలి వేసింది, అదీ దాచను. నాలుగో రోజుకు అలవాటైంది. అరటిపండు వద్దనుకున్నప్పుడు బొప్పాయి ముక్కలు కప్పు నిండా తినేవాణ్ణి. అదే వంతుకు కడుపు ఎక్కువ నిండేది. వారానికి పరగడుపు నూటముప్పై ఎనిమిదికి దిగింది.

పథ్యం గదికి వెళ్లిన రోజు నా సంచిలో మూడు వస్తువులున్నాయి. అంకెల పుస్తకం, ఫిర్యాదు, స్టీలు డబ్బా. డబ్బాలో పాత కొలత రొట్టె ఒకటి, కొత్తది ఒకటి. పాతది చెయ్యమంటే మా ఆవిడ ఇంతకు ముందెప్పుడూ లేనంత శ్రద్ధగా చేసింది.

రెండూ బల్ల మీద పెట్టి, ఏది ఒక వంతో చూపించమన్నాను. ఆ అమ్మాయి చిన్నదాన్ని చూపించింది. పెద్దదాన్ని రెండు వేళ్లతో ఎత్తి బరువు చూసింది. ఇది రొట్టె అనుకోలేదని, వాళ్లింట్లో ఇంత పెద్దవి ఎప్పుడూ చూడలేదని చెప్పింది. నేను పిండి తూచిన లెక్క చెప్పాను. ఆమె కాగితం మీద వేసుకుని చూసి, సరిగ్గానే ఉందంది. తలుపు మూసి వచ్చి ఫిర్యాదు రెండుసార్లు చదివింది.

“అంకుల్, గల్తీ నాదే. సైజు రాయాలి. మీరు దొంగతనంగా తింటున్నారనుకున్నాను.”

ఆ మాట తలుపు మూసి చెప్పావమ్మా, నన్ను అనుమానించిన మాటేమో తలుపు తెరిచి అన్నావు అన్నాను. ఆమె ముఖం నాకు సరిగా కనిపించలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచి, తలుపు తెరిచి, రెండు రొట్టెలూ రెండు చేతుల్లో పట్టుకుని బెంచీ మీదివాళ్లకు చూపించింది. ఇంట్లో రొట్టె ఏ కొలతలో ఉందో ఇవాళే పిండి తూచి చూసుకోమని, ఇరవై గ్రాముల పిండి రొట్టె మాత్రమే ఒక వంతని, తనకు ఈ సంగతి ఈ అంకుల్ చెప్పారని అంది. బెంచీ మీద ఒకాయన, మా ఇంట్లో ఆ పెద్దదానికి తాతలాంటి రొట్టె ఉందన్నాడు. ఆ గొంతు నేను గుర్తుపెట్టుకున్న గొంతే.

కాగితాల్లో రొట్టె పక్కన ఆమె పెన్నుతో గ్రాములు రాసి ఇవ్వడం మొదలుపెట్టిందని విన్నాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. కొత్త కాగితాల్లో అచ్చయి వచ్చేదాకా అది ఫైల్లో ఉండాల్సిందే.

మూడు వారాలూ పొద్దుటి అంకె నూటనలభై దాటలేదు. డాక్టరు తేదీ ఇచ్చాడు. కన్ను బాగుపడింది.

కట్టు తీసిన మర్నాడు రాత్రి కంచం ముందు కూర్చుని, ఆ రొట్టెను మొదటిసారి స్పష్టంగా చూశాను. అంచులు పలుచగా, మధ్యలో గోధుమరంగు మచ్చలతో, గుండ్రంగా ఉంది. నిజం చెప్పాలంటే అప్పడమంతే ఉంది. తల ఎత్తితే మా ఆవిడ గరిట పట్టుకుని నా ముఖమే చూస్తోంది. ఇప్పుడు ఆమె ముఖం కూడా బాగా కనిపిస్తోంది. రొట్టె తుంచుకుని, బాగుందన్నాను.