కుళ్లాయప్ప రిలీవింగ్ లెటర్‌కు తిన్న దెబ్బలు

మా కుళ్లాయప్ప చేతి దెబ్బ గురించి బెళుగుప్ప మండలంలో తెలియనివాడు లేడు. తెలియనివాళ్లకు నేను చెప్పాను. ఒకసారి పీర్ల పండగలో పొట్టేలు దగ్గర తగాదా వచ్చి వాడు ఒకడి చెంప మీద కొడితే, వాడి దవడ కదిరి దాకా పోయి బస్సెక్కి తిరిగొచ్చింది. నమ్మనివాళ్లు ఆ దవడవాణ్ణి అడగవచ్చు. ఈ రోజుకీ కంకి కొరకలేడు.

అంత చెయ్యి గలవాడు చేసే పని మాత్రం మెత్తనిది. గాలిమరలకు వైద్యం. మా మెట్టల మీద వానలు నిలవవు గానీ గాలి నిలుస్తుంది. అందుకని కంపెనీలు వచ్చి స్తంభాలు పాతాయి. కుళ్లాయప్ప ఐటీఐ చదివి, నడుముకు బెల్టు కట్టుకుని, ఆకాశమంత స్తంభం లోపల నిచ్చెన ఎక్కి, పైన పెట్టెలాంటి గదిలో బోల్టులు బిగిస్తాడు. పైనుంచి బళ్లారి కనిపిస్తుందని వాడంటాడు. తిరుపతి కొండ కూడా కనిపిస్తుందని నేనంటాను. ఎక్కినవాడు కాబట్టి వాడి మాట చిన్నది. కింద జీపులో కూర్చునేవాణ్ణి కాబట్టి నా చూపు పెద్దది.

గాలిమరలు కంపెనీవి. కుళ్లాయప్పకు జీతమిచ్చేది మాత్రం ముత్యాలప్ప అనే కాంట్రాక్టరు. కళ్యాణదుర్గంలో ఆఫీసు, గాజు తలుపు, తలుపు ముందు నలుగురు బలిసిన మనుషులు. నాలుగేళ్లు వాడి కింద పనిచేశాక, తమిళనాడులో మరలు నడిపే ఒక పెద్ద కంపెనీ కుళ్లాయప్పను నేరుగా తీసుకుంటామంది. జీతం రెట్టింపు, మారెక్క మందుల ఖర్చుకు ఇన్సూరెన్సు. మారెక్క వాడి తల్లి, గొర్రెలు కాసి వాణ్ణి చదివించిన మనిషి. ఆ కంపెనీ రాసిన కాగితంలో ఒక షరతు ఉంది. పాత యజమాని దగ్గర్నుంచి రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ తేవాలి. నెలాఖరులోగా తేకపోతే ఉద్యోగం ఇంకొకడికి పోతుంది.

కుళ్లాయప్ప అన్నీ పద్ధతిగానే చేశాడు. మెయిల్లో రాజీనామా పంపాడు, నోటీసు నెల పూర్తిగా పనిచేశాడు, బెల్టు, హెల్మెట్, పనిముట్లు సైటు ఇంజనీరుకు అప్పగించి సంతకం తీసుకున్నాడు. కాగితం అడిగితే ముత్యాలప్ప ఇవాళ రమ్మన్నాడు, రేపు రమ్మన్నాడు, స్టాంపు అనంతపురంలో ఉందన్నాడు, స్టాంపు వేసేవాడు తిరుపతి పోయాడన్నాడు. చివరికి అసలు మాట బయటపడింది. ఎత్తుకు ఎక్కే శిక్షణ ఉన్నవాళ్లు తగ్గితే కంపెనీ తన బిల్లులో కోత పెడుతుంది. వీణ్ణి వదిలితే వెనకాలే నలుగురు పోతారు.

"నువ్వు యాడికి పోతావురా. కాగితం లేకుంటే నీ నాలుగేండ్లు గాలికి పోయినట్లే. మల్లా వచ్చి బెల్టు కట్టుకో" అన్నాడట.

ఆ మాట విన్నాక కుళ్లాయప్ప పిడికిలి బిగించాడు గానీ కొట్టలేదు. బయటికొచ్చి నా జీపు బానెట్ మీద ఒక్కటి గుద్దాడు. ఆ సొట్టలో వాన పడితే పిచ్చుకలు నీళ్లు తాగుతాయి. వాన పడాలి గదా.

మా ఊళ్లో ఒక నమ్మకం ఉంది. సంతకం అనేది చేతిలో ఉండదు, మెడలో ఉంటుంది. మెడ పట్టుకుంటే వస్తుంది. పొలం గట్టు కాగితాలు, అప్పు పత్రాలు, విడాకుల పత్రాలు, అన్నీ ఆ పద్ధతిలోనే తెచ్చుకున్నవాళ్లం. కాబట్టి కుళ్లాయప్ప కొత్త ఉద్యోగం మెడికల్ పరీక్షకు అనంతపురం ఆస్పత్రికి పోయిన రోజున మారెక్క రోకలి తీసుకుని నా జీపెక్కింది. వెనకాల ఆమె అన్నదమ్ములు ఎక్కారు, కట్టెలతో. జీపు నాది కాబట్టి సేనాధిపతిని నేనే.

గాజు తలుపు మొదటి దెబ్బకే పోయింది. ముత్యాలప్ప మనుషుల్లో ఒకడు ఇనుప రాడ్డు ఎత్తాడు; మారెక్క రోకలి వాడి మోచేతి మీద దిగింది, ఎముక విరిగిన చప్పుడు నాకు వీధిలోకి వినిపించింది. ఇంకొకడి నెత్తిన కుర్చీ విరిగింది. నేను వీరోచితంగా జీపు స్టార్ట్ చేసి ఉంచాను. సేనాధిపతి పని అదే. లోపల మారెక్క ముత్యాలప్పను బల్ల మీదికి వంచి, మెడ మీద రోకలి అడ్డంగా పెట్టి, లెటర్‌హెడ్ మీద టైపు చేయించింది. ఆమెకు చదువు రాదు. అయినా ప్రతి వాక్యానికీ "చదువురా" అని రోకలి కొంచెం నొక్కింది. సంతకం పడింది, స్టాంపు పడింది. తిరుపతి పోయిన స్టాంపు సొరుగులోనే ఉంది.

సాయంత్రం కుళ్లాయప్ప ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల మీద రక్తం మరక ఒకటి దాని అంచుకు అంటుకుంది. అంచు కత్తిరించి ఫొటో తీసి కొత్త కంపెనీకి పంపాడు. నెలాఖరు దగ్గరికొచ్చేసింది, ఇంకేం చేస్తాడు.

మూడో పొద్దున చెన్నై నుంచి ఫోనొచ్చింది. జయంతి అని ఆ కంపెనీ హెచ్.ఆర్. మన తెలుగమ్మాయే, ఎంత మర్యాదగా మాట్లాడిందంటే దెబ్బ తగిలినట్టు ముందు తెలియలేదు. మెడ పట్టుకుని తెచ్చిన కాగితానికి విలువ లేదట. కాగితం వచ్చాక వాళ్లు పాత యజమానికి మెయిల్ పెట్టి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతారట. అడిగారు. ముత్యాలప్ప జవాబిచ్చాడు. బలవంతంగా రాయించుకున్నారు, మనిషి చెప్పకుండా పారిపోయాడు, పోలీసులకు అర్జీ ఇచ్చాను అని.

"కుళ్లాయప్ప గారూ, మీ పేరు మీద కేసు నమోదైతే నేనేమీ చేయలేను. ఆయన నుంచి మెయిల్లో సరైన జవాబు వస్తేనే మీ ఫైలు కదులుతుంది" అంది.

మెడ పట్టుకోవచ్చు. మెయిలును ఎక్కడ పట్టుకుంటారు? ఆ సంగతి మా ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు.

ఇక ముత్యాలప్పకు లెక్క తెలిసిపోయింది. కుళ్లాయప్ప మీద కేసు పడితే కొత్త ఉద్యోగం పోతుంది, మళ్లీ తన దగ్గరికే వచ్చి బెల్టు కట్టుకుంటాడు. అర్జీలో మా పేర్లున్నాయి గానీ కుళ్లాయప్ప పేరు లేదు, ఎందుకంటే వాడు ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నట్టు రుజువుంది. వాడి పేరు ఎక్కాలంటే వాడు ఎవణ్ణో ఒకణ్ణి కొట్టాలి. కాబట్టి రెచ్చగొట్టి వాడి చేత కొట్టించాలి.

బెళుగుప్ప బస్టాండులో, మిట్టమధ్యాహ్నం, సంత జనం మధ్యలో వచ్చారు ముత్యాలప్ప మనుషులు. ముందు అమ్మను తిట్టారు. కుళ్లాయప్ప విననట్టే ఉన్నాడు. చెంప మీద కొట్టారు. వాడు వెనక్కి జరిగి, షెడ్డు రేకు మోసే ఇనుప స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు. వాడు ఏం చేస్తున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. భయపడ్డాడేమో అనుకున్నాను. తర్వాత వేళ్లు చూశాను. ఒక చెయ్యి రెండో చేతి మణికట్టును పట్టుకుని ఉంది, పిచ్చికుక్కను గొలుసుతో పట్టుకున్నట్టు.

"కొట్టరా, మగోడివైతే ఒక్కటి కొట్టు" అంటూ రాడ్డుతో వీపు మీద, డొక్కల మీద, మోకాళ్ల మీద కొట్టారు. నేను దూకబోతే వాడే అన్నాడు, నోట్లో రక్తంతో:

"రావద్దు. నువ్వొస్తే నాకోసం వచ్చినావంటారు. ఆడనే ఉండు. ఫోన్లో తియ్యి."

తీశాను. నా జీవితంలో చాలా చూశానని చెబుతుంటాను, సగం చూడనివి. ఇది మాత్రం చూశాను. పన్ను ఊడి సిమెంటు మీద పడింది. ఒక దెబ్బకు కనుబొమ చీలి కన్ను మూసుకుపోయింది. స్తంభం మీద రేకు ప్రతి దెబ్బకూ గలగలలాడింది. ఎంత కొట్టినా వాడి చేతులు విడలేదు. చివరికి కొట్టేవాళ్లే అలిసి, చుట్టూ ఫోన్లు లేచి ఉండటం చూసి, బండెక్కి పోయారు. స్తంభం నుంచి వాడి వేళ్లు ఒక్కొక్కటీ నేనే విప్పాల్సి వచ్చింది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు డొక్కల ఎముకలు విరగలేదు, కమిలాయన్నాడు. కొట్లాట దెబ్బలని రాసుకుని పోలీసులకు కబురు పంపాడు. కానిస్టేబులు వాంగ్మూలానికి వస్తే, ఇంకా మాట్లాడలేకపోతున్నాను, రేపు చెబుతానన్నాడు కుళ్లాయప్ప. ఆ కేసును బేరానికి దాచుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

మర్నాడు తలకు కట్టుతోనే అనంతపురం లేబర్ ఆఫీసుకు పోయాం. అక్కడ హేమలత మేడమ్ అధికారి. మా రోకలి కథ నేను మొదలుపెట్టబోతే, "మీరు బయట కూర్చోండి" అంది. తలుపు సందులోంచి విన్నాను. రాజీనామా మెయిల్, ఇంజనీరు సంతకం, జీతం చీటీలు, పీఎఫ్ ఖాతాలో నాలుగేళ్ల చందాలు, అన్నీ వరసగా బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పింది తేలిక మాట. కాంట్రాక్టు కింద పనిచేసినవాడు అడిగితే ఎంతకాలం ఏ పని చేశాడో రాసివ్వడం కాంట్రాక్టరు బాధ్యత, దయ కాదు. ముత్యాలప్పకు నోటీసు పంపి, నకలు మా మెట్టల మీది గాలిమరల కంపెనీకి కూడా పంపుతానంది. దెబ్బల సంగతి పోలీసులది, తనది కాదంది.

ఆ నకలే పనిచేసింది. పనివాళ్లను రాడ్లతో కొట్టించే కాంట్రాక్టరని కంపెనీకి తెలిస్తే వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదు. బస్టాండు వీడియో కూడా మా దగ్గరుంది. మేడమ్ పిలిచిన రోజున ముత్యాలప్ప తలుపు విరగ్గొట్టినవాళ్లను చూసినట్టు కాక, చుట్టాలను చూసినట్టు చూస్తూ వచ్చాడు. మేడమ్ ముందు రెండు కాగితాలూ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తర్వాత వరండాలో బేరం పెట్టాడు. మీ అమ్మ మీది అర్జీ వెనక్కి తీసుకుంటా, నీ దెబ్బల మీద నువ్వు కేసు పెట్టొద్దు.

మారెక్క అడ్డం తిరిగింది. కాగితం వద్దు, ఉద్యోగం వద్దు, తన కొడుకు పన్నుకు వాడి పన్ను కావాలంది. కుళ్లాయప్ప ముత్యాలప్ప వైపే చూశాడు.

"కాగితం కాదన్నా. ముందు మెయిలు పెట్టు. ఆ చెన్నై ఆయమ్మ మల్లా ఫోన్ చేసి బాగుండాది అని చెప్పినాకనే నేను ఊకుండేది."

ముత్యాలప్ప అక్కడే నిలబడి ఫోన్లో జవాబు కొట్టాడు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు టెక్నీషియనుగా పనిచేశాడు, నోటీసు పూర్తి చేశాడు, పనిముట్లు అప్పగించాడు, ముందు పంపిన జవాబు పొరపాటు అని. కుళ్లాయప్ప ఒక కన్నుతో అక్షరం అక్షరం చదివి, పంపు అన్నాడు. మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చున్నాం. ఎవరూ నీళ్లు కూడా తాగలేదు. జయంతి ఫోన్ చేసి, సరిపోయింది, ఒకటో తారీఖున చేరండి అంది. అప్పుడు మేడమ్ ఎదుట ముత్యాలప్ప కాగితాలిచ్చాడు.

వాడు కారెక్కి పోయాక మారెక్క కొడుకు మీద పడింది. ఎందుకు కొట్టలేదురా, నా పాలు తాగి ఎందుకు కొట్టలేదురా అంటూ రెండు చేతులతో వాడి రొమ్ము మీద, కమిలిన డొక్కల మీద గుద్దింది. నేను పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. ఆమె కొడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. వాడు ప్రతి గుద్దుకూ పళ్లు బిగించి, నిటారుగా నిలబడి, ఆ రెండు కాగితాలు నలగకుండా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.