నాలుగు సెకన్ల హాలు, ఇరవై రెండు ఊళ్ల పాట

ఆ రోజుల్లో నాకు తెలివి కొంచెం తక్కువ, ధీమా చాలా ఎక్కువ. డెబ్బైల చివర్లో, పంతొమ్మిదేళ్లకే, నేను సంగీత దర్శకురాలినని తీర్మానించుకున్నాను (ఓటు వేసింది నేనొక్కదాన్నే). ఉత్తరాదిన మనవాళ్లు పనికి వలసొచ్చిన ఉక్కు కార్ఖానా ఊళ్లో, సీతారాండేరా పేటలో, మన తెలుగువాళ్ల హాల్లో జనవరిలో వార్షికోత్సవం. ఒక పాట కట్టమని సెక్రటరీ బాబాయి అనడమే తరువాయి, రైలు పాట కట్టేశాను. మనవాళ్లు వదిలొచ్చిన ఇరవై రెండు ఊళ్ల పేర్లు రైలు చక్రాల వేగంతో దొర్లుకుంటూ పోతాయి. కార్ఖానాలో క్రేను నడిపి రిటైరైన ఒక తాత అందరికంటే ఆలస్యంగా వచ్చి అడిగాడు కాబట్టి ఆయన ఊరు పూండిని చివర్న తగిలించాను. "ముప్పయ్యేళ్లయిపోనాది పిల్లా. నలుగురి ముందర మా ఊరి పేరు ఇనాలనుంది" అన్నాడు పాపం.

మా రైల్వే క్వార్టర్‌లో, పరుపులూ బట్టల మూటలూ నిండిన గదిలో, ఎనిమిది మంది ఆడపిల్లలు పాడుతుంటే ప్రతి అక్షరం ముత్యంలా వినిపించేది. అదే పాటను వార్షికోత్సవానికి వారం ముందు హాల్లో పాడిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సిమెంటు నేల, సున్నం గోడలు, ఎత్తున రేకుల కప్పు. ఊళ్లన్నీ కలిసి పెద్ద హోరైపోయాయి. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మా ఊరు ఎలిపోనాదా, ఇంకా రానేదా?" అని అడిగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఆర్గన్ మాస్టారిని పట్టుకొచ్చాను. ఆయన బుకింగ్ క్లర్కు, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారు. ఖాళీ హాలు మధ్య ఒక బెలూన్ పేల్చి, ఆ మోత పూర్తిగా సద్దుమణిగేదాకా స్టాప్‌వాచ్ చూశారు. నాలుగు సెకన్లు. శబ్దం బలం పది లక్షల్లో ఒక వంతుకు పడిపోవడానికి పట్టే సమయమట అది. గది ఎంత పెద్దదైతే అంత ఎక్కువ, శబ్దాన్ని తాగేసే మెత్తని వస్తువులు ఎన్ని ఉంటే అంత తక్కువ. నా పాటలో సెకనుకు ఎనిమిది అక్షరాలు, అంటే ఒకటి ఆరిపోయేలోపు దాని మీద మరో ముప్పై వచ్చి పడుతున్నాయన్నమాట. పెద్ద రాతి చర్చీలకు పాటలు రాసినవాళ్లు అందుకే నిదానంగా, పొడుగు స్వరాలతో రాశారట, ఒక స్వరం తోక తర్వాతి స్వరంతో పొత్తు కుదిరేలాగ. వేగంగా పరిగెత్తే పాటలు తివాచీలూ తెరలూ ఉన్న రాజుల గదుల కోసం పుట్టాయట. "గదిని చూసి పాట కట్టాలమ్మా" అన్నారు. వెళ్తూ వెళ్తూ జనం గురించి కూడా ఏదో అన్నారు గానీ, నేను అప్పటికే కాగితం మీద పడ్డాను.

పాటను సాగదీశాను. ఊరికీ ఊరికీ మధ్య ఆగి, మోతను గాలిలో తేలనిచ్చాను. ఖాళీ హాల్లో అది దేవలోకంలా ఉంది! కాకపోతే ఇచ్చిన సమయంలో ఏడు ఊళ్లే పట్టాయి. పూండి ఎగిరిపోయింది. ఆ సంగతి తాతకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పండగ సాయంత్రం హాలు కిటకిటలాడింది. సముద్రం గాలి తిన్న మనవాళ్లకు ఆ ఊరి చలంటే హడల్. రగ్గులు, శాలువలు, మంకీ క్యాపులు సరే, చాలామంది ఏకంగా బొంతలు కప్పుకునే వచ్చారు. పిల్లలు మొదటి ఊరు పాడి ఆగారు. మోత లేదు. అన్ని బొంతలూ కలిసి దాన్ని గుటుక్కున మింగేశాయి. రెండో ఊరు, మళ్లీ నిశ్శబ్దం. పాట అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మాస్టారు తల పట్టుకుని కనిపించారు. నిండిన హాల్లో మోత తగ్గిపోతుందని ఆయన చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది మహాతల్లికి.

"దీదీ, అబ్ క్యా కరేఁ?" అంది ముందున్న పిల్ల, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు నావైపు చూస్తూ.

ముందు వరసలో తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"పాతదే పాడండే, మన గదిలో పాడినట్టు" అన్నాను.

పిల్లలు అందుకున్నారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి... ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఏ ఊరు వస్తే ఆ ఊరివాళ్లు బొంతలు జారిపోతున్నా చూసుకోకుండా లేచి నిలబడుతున్నారు. చివరికి పూండి వచ్చింది. తాత లేవలేదు. కూర్చున్న చోటే కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత సెక్రటరీ బాబాయి నన్ను వేదిక మీదికి పిలిచి, బండి ముందు మెల్లగా కదిలి తర్వాత జోరందుకున్నట్టు ఎంత గొప్పగా కట్టిందో చూడండని మెచ్చుకున్నాడు. నేను వినయంగా తల వంచాను (సిగ్గు లేకపోతే సరి). వెనక మాస్టారి శాలువ నవ్వుతో కదులుతూనే ఉంది.

దిగి వస్తుంటే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "మా ఊరు అందరికీ గుర్తుండిపోవాలనే ఆకర్న ఎట్టినావు కదేటి?"

"అవును తాతా" అన్నాను.

ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల పొగరు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం దగ్గరికి పిలిచి ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది.