మా వాడు ఎక్కాల్సిన బండి

షోరూమ్‌లో ఆ పెద్ద కారు బండిలో ఎవరెవరు కూర్చుని చూశారో చెబితే నవ్వుతారు. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని చూసుకున్నాడు. మా అత్తమ్మ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, నడుం నొయ్యడం లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. ఎవరి కోసం కొంటున్నామో వాడొక్కడే ఇంట్లో గేటు దగ్గర పడుకుని ఉన్నాడు.

వాడంటే మా లాబ్రడార్. యూరియా బస్తా అంత బరువుంటాడు. ఎరువుల దుకాణం వాళ్ళం కాబట్టి మాకు ఆ లెక్కే వస్తుంది. వెనక తుంటి కీళ్ళు అరిగిపోయాయని మెదక్ పశువుల దవాఖానాలో చెప్పి, నెలనెలా హైదరాబాద్ తీసుకుపోయి ఇంజెక్షన్ వేయించమన్నారు. మొదటిసారి కిరాయి కారులో పోయాం. సీటు మీద ఎక్కించనన్నాడు డ్రైవరు, వెనక సీటు వెనకే ఉన్న డిక్కీలో పడుకోబెట్టాం. మాకు ముందర చల్లగా గాలి తగులుతుంటే వాడికీ తగులుతుందనుకున్నాం. నర్సాపూర్ అడవి దాటాక వెనక్కి తిరిగి చూస్తే వాడి నాలుక ఒక పక్కకు వేలాడుతోంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోయాయి, నోటినిండా చిక్కటి చొంగ. రోడ్డు పక్కన చెట్టు నీడకు దించి పొట్ట మీద, పాదాల మీద నీళ్ళు పోస్తూ నేను ఏడుస్తూనే ఉన్నాను. బతికాడు. కానీ ఆ రోజు నుంచి డిక్కీ తలుపు చప్పుడైతే చాలు, వణుకుతాడు.

అందుకే సొంత బండి. అదీ ఎండలు ముదరకముందే. ఇంజెక్షన్ తప్పితే లేవడమే కష్టమవుతుందని డాక్టర్ చెప్పాడు.

కానీ బండి అనే మాట ఇంట్లోకి వచ్చాక కుక్క మాట వెనకబడిపోయింది. మా ఆయనకు ఎత్తుగా, నల్లగా, రోడ్డు మీద పోతుంటే జనం పక్కకు జరిగే బండి కావాలి. సీట్లకు మెరిసే రెక్జిన్ కవర్లు కూడా ఎంచుకున్నాడు, వెంట్రుకలు అంటవు, తుడిస్తే పోతాయని. శుక్రవారం బుకింగ్. వాణ్ణి ఒకసారి ఎక్కించి చూద్దామండీ అని నేనంటే అత్తమ్మ అడ్డం పడింది. ఏడుపాయల దుర్గమ్మ దగ్గర పూజ కాకుండా కొత్త బండిలో కుక్క కాలు పెట్టొద్దట. పూజ చేయించాలంటే బండి కొనాలి, కొన్నాక వాడు ఎక్కలేకపోతే ఏం చేయాలి? ఆ ప్రశ్న నాకు తప్ప ఎవరికీ రాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. కోపం కూడా తక్కువేం లేదు, గిన్నెలు చప్పుడయ్యేలా కడిగాను.

చివరికి గురువారం పొద్దున అత్తమ్మే ఏం ఆలోచించిందో ఏమో, చాయ్ తాగుతూ తనే దారి చెప్పింది.

"షోరూమ్ల చూసెతందుకు ఒక బండి పెడ్తరు గదా బిడ్డా, గది మనది కాదాయె. గండ్ల ఎక్కిచ్చి చూడుండ్రి."

ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆలస్యమైతే అత్తమ్మ మనసు మారుతుందని, వాణ్ణి దుకాణం ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని అప్పుడే బయల్దేరాం. ఇంట్లో వాడు ఎక్కి దిగే రెండు మెట్ల చెక్కపీటా, కింద పరిచే పాత షత్రంజీ కూడా వేసుకున్నాను.

షోరూమ్ వెనక ఖాళీ జాగాలో పెద్ద బండి డిక్కీ ఎత్తారు. దాని నేల నా నడుముకు వచ్చింది. పైగా అంచు దగ్గర గట్టులా లేచి, లోపల పల్లంగా ఉంది. పీట వేసినా ఇంకా చాలా ఎత్తే మిగిలింది. ముందుకాళ్ళు అంచు మీద పెట్టాడు కానీ వెనకకాళ్ళతో ఎగరలేకపోయాడు. మా ఆయన ఏమీ కాదంటూ నడుం కింద చేతులు వేసి ఎత్తాడు. వాడు కీచుమని అరిచి, మా ఆయన మణికట్టు నోట పట్టాడు. పళ్ళు దిగలేదు, వెంటనే వదిలేశాడు. మా ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలాంటి వాడు, ఎన్నడూ ఎవరి మీదా నోరు వేయనివాడు. మా ఆయన ముఖం తెల్లబోయింది.

"గంత నొప్పుందా వీనికి," అన్నాడు మెల్లగా.

ఎట్లాగో లోపల పెట్టాం. షోరూమ్ అబ్బాయి ముందే పరిచి ఉంచిన రెక్జిన్ మీద వెనకకాళ్ళు రెండు పక్కలకు జారిపోయాయి. ఎండకు ఆ రెక్జిన్ పెనంలా కాలుతోంది. గాలి సంగతి చూద్దామని ఏసీ వేయించి చెయ్యి పెట్టాను. గాలి వచ్చే రంధ్రాలు ముందు సీట్ల నడుమ ఉన్నాయి, అవి వెనక సీట్లో వాళ్ళ మోకాళ్ళకే. సీటు వీపు దాటి డిక్కీలోకి ఏమీ రావడం లేదు. వద్దు దించండని గట్టిగానే అన్నాను. మా ఆయనే ముందుకొచ్చి మెల్లగా దించాడు.

ఇంకో బండి ఉందన్నాడు షోరూమ్ అబ్బాయి, మూడు వరసల సీట్లది. కిరాయి బండిలా ఉంటుందని మా ఆయన ముందే వద్దన్నది అదే. చివరి వరస మడిస్తే నేల దాదాపు చదునుగా వచ్చింది. ఎత్తు నా మోకాలి కన్నా కొంచెమే పైకి, అంచు దగ్గర గట్టు లేదు. అడుగున రబ్బరు మ్యాటు వేయించి, దాని మీద షత్రంజీ పరిచాను. పీట వేశాను. వాడు దగ్గరకు వచ్చి వాసన చూసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి జరిగాడు. పిలిచినా రాడు. ఈ బండీ కాకపోతే ఇక వేరే బండి లేదు.

ఇక నేనే ఎక్కి కూర్చున్నాను. చీరె కట్టుకుని డిక్కీలో బాసింపట్టు వేసుకున్న ఆడమనిషిని చూడడానికి షోరూమ్‌లో వాళ్ళంతా బయటికొచ్చారు. చూస్తే చూడనీ అనుకున్నాను. వాడు నన్ను చూశాడు, పీటను చూశాడు. ముందుకాళ్ళు పెట్టి ఆగాడు. ఒక వెనకకాలు, కాసేపటికి రెండోది. ఎవరూ చెయ్యి వేయలేదు.

తలుపు చప్పుడు కాకుండా మూయించి, ఎండలోనే ఇంజను వేసి ఉంచమన్నాను. ముందర మా ఆయన చల్లగా ఉందంటున్నాడు. నాకు చెమటలు కారుతున్నాయి, వాడు రొప్పడం ఎక్కువైంది. నర్సాపూర్ గుర్తొచ్చింది.

"ఏసీ వెయ్యలేదా, గాలి ఎనుకకు వస్తలేదు," అని అరిచాను.

ఫుల్లు మీద ఉంది మేడం అంటూనే షోరూమ్ అబ్బాయి తల ఎత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. వెనక గాలికి పైకప్పులో వేరే ఫ్యాను, వేరే బటన్ ఉన్నాయి. ముందర ఎంత పెట్టినా అది వేసుకుంటేనే తిరుగుతుంది. బటన్ నొక్కాడు. కప్పులోని రంధ్రాలను మా వైపు తిప్పాడు. ముందు వెచ్చగా, తర్వాత చల్లగా గాలి వచ్చి వాడి చెవులను కదిపింది. నేను వాడి పక్కటెముకల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. రొప్పడం తగ్గింది. తగ్గి, తగ్గి, నోరు మూశాడు. తల నా ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయన వచ్చి డిక్కీ తలుపు ఎత్తి మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. కవర్లు దళసరి గుడ్డవి వెయ్యమని, ఈ బండే రాసుకోమని అబ్బాయికి చెప్పాడు. సార్‌కు పెద్ద బండి నచ్చింది గదా అన్నాడు ఆ అబ్బాయి.

"నాకు నచ్చుడేంది," అన్నాడు మా ఆయన. "నేనైతే ఏ బండైనా దునికి ఎక్కుత. వీడు ఎక్కలేడు గదా."