బొట్టు లేని రిలీవింగ్ ఆర్డరు

నాకూ, నా తోటి టీచరుకూ ఒకే రోజు, ఒకే టపాలో జిల్లా బోర్డు ఉద్యోగాలు వచ్చాయి. ఆమెను జమ్మలమడుగు బడికి వేశారు, నన్ను పులివెందుల బడికి. అంతవరకూ ఇద్దరమూ ప్రొద్దుటూరులో ఒక ఎయిడెడ్ ఆడపిల్లల బడిలో పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. ఆ బడి ఒక శనక్కాయల వ్యాపారిది. ముందు వసారాలో బడి, వెనక గోదాము. సర్కారు గ్రాంటు ఆయన చేతికి వచ్చేది, ఆ చేతి మీదుగా మాకు జీతాలు వచ్చేవి. ఆయనను మేమందరం మేనేజరు అనేవాళ్లం.

వారం తిరగకుండానే ఆమె జమ్మలమడుగులో కుర్చీ ఎక్కి కూర్చుంది. నేను మాత్రం నెలల తరబడి అదే వసారాలో, అదే శనక్కాయల దుమ్ములో దగ్గుతూ ఎక్కాలు చెప్పాను. అప్పుడు నాకు ఆమె మీద పుట్టిన కుళ్లు ఇంతా అంతా కాదు. 

బోర్డు వాళ్ల ఉత్తరువులో ఒక షరతు ఉండేది. పాత మేనేజరు దగ్గర నుంచి రిలీవింగ్ ఆర్డరు తేవాలి, ఇన్నేళ్లు పని చేసిందని సర్వీసు సర్టిఫికెట్ తేవాలి, దాని మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టరు సంతకం ఉండాలి. అవి లేకుంటే బడిలో చేర్చుకోరు. ఒకే టీచరు పేరు రెండు బడుల్లో ఉండకూడదని ఆ కట్టుబాటు. గడువులో చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు.

ఆమె ఉత్తరువు వచ్చిన వారంలోనే, శుక్రవారం పొద్దున్నే తలంటి పోసుకుని, టెంకాయ, పండ్లు పట్టుకుని మేనేజరు ఇంటికి పోయింది. మేనేజరు తల్లి పెద్ద ముత్తయిదువ. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంటి నుంచి గానీ, గోదాము నుంచి గానీ, బడి నుంచి గానీ ఆడమనిషి సెలవు తీసుకుని పోతుంటే ఆ పెద్దామె పిలిచి బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టేది. ఆ పెద్దామె బొట్టు పెట్టిందంటే సాగనంపినట్టే. ఆ తర్వాత కొడుకైనా సరే అడ్డం చెప్పకూడదు. మధ్యాహ్నానికల్లా నా తోటి టీచరు రెండు కాగితాలూ పట్టుకుని, రవికె గుడ్డ సంచీ పైన కనిపించేలా పెట్టుకుని బడికి వచ్చింది. మూడు నెలల నోటీసు ఇవ్వాలన్న రూలు సంగతి ఎవరూ ఎత్తనే లేదట.

"నువ్వు కూడా పో అక్కా, పెద్దామె మంచిది," అంది నాతో.

ఏం పెట్టుకుని పోవాలి? నాకు ఇరవై నిండకముందే మొగుడు పోయాడు. శుక్రవారం పూట నేను ఎదురైతే ఆ ఇంటి గుమస్తా గోదాము తలుపు తెరవకుండా కాసేపు ఆగేవాడు. నాలాంటిదానికి ఆ గడప ఎట్లా ఉంటుందో ఆమె తెలియక అంది. తెలియక అన్నందుకే నాకు ఇంకా మండింది. తెలియకపోవడం కూడా ఆమెకు దక్కిన ఒక సుఖమే గదా అనుకున్నాను.

నేను మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. అన్న మునసబు కోర్టులో గుమస్తా. మా వదిన చెడ్డది కాదు, కానీ ఆ వంటింట్లో ఉప్పు డబ్బా నేను ఎత్తితే ఒక లెక్క, ఆమె ఎత్తితే ఒక లెక్క. పులివెందులలో ఒక గది, ఒక పొయ్యి, నాకు ఆకలైనప్పుడు నేను వండుకునే ఇంత సంగటి. ఆ ఉద్యోగం అంటే నాకు ఇదే. ఆ రెండు కాగితాలు రాకపోతే జన్మంతా ఆ వంటింట్లో అడిగి తినవలసిందే.

కోర్టు గుమస్తాను సలహా అడిగితే ఏం చెబుతాడు? రాజీనామా రిజిస్టరు పోస్టులో పంపమన్నాడు, రశీదు కార్డు తిరిగి వస్తుంది, రేపు కాదనడానికి ఉండదు అన్నాడు. నేను అట్లే చేశాను. బడికీ మేనేజరు ఇంటికీ మధ్య ఒక సందు. రోజూ ఆయన ముందు నుంచే నడిచిపోయేదాన్ని. అలాంటి మనిషికి, సంతకం తీసుకుని మరీ, పోస్టుమాన్ చేత ఉత్తరం ఇప్పించాను.

ఆయన కోపం ఊరంతా తెలిసింది. ఆయన గుమస్తా వచ్చి, ఆయన అన్నాడని నాకు చెప్పిన మాట ఇది: "రెండో ఆమెకు మా అమ్మ బొట్టు పెట్టింది, ఇంక ఆపేదేముంది? ఈమె పోస్టులో పంపింది గదా, ఈమెకు రూలు ప్రకారమే. మూడు నెలలు పని చేసి పొమ్మను."

రూలు ఆయన పక్షానే ఉంది. ఎయిడెడ్ బడిలో చేరేటప్పుడు రాసుకునే ఒప్పందంలో అది ఉంది, కింద నా సంతకమూ ఉంది. అన్న నా చేత బోర్డుకు అర్జీ రాయించాడు, నోటీసు నడుస్తున్నది, చేరడానికి గడువు పెంచమని. ఆరు నెలల దాకా పెంచారు. కానీ పెంచిన కాగితంలోనే, సీనియారిటీ చేరిన తేదీ నుంచే అని ఉంది. దాని అర్థం అన్న విడమరిచి చెప్పాడు. ఆమె ముందు చేరింది కాబట్టి ఉద్యోగం ఉన్నంత కాలం జాబితాలో ఆమె నా పైనే ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్ పదవి వచ్చినా ముందు ఆమెకే. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. ట్రైనింగులో నాకన్నా వెనక బెంచీలో కూర్చున్న మనిషి, నల్లబల్ల మీద గీత తిన్నగా గీయడానికి నన్ను పిలిచే మనిషి, ఒక బొట్టుతో నా నెత్తిమీదికి ఎక్కి కూర్చుంది.

పైగా జమ్మలమడుగు నుంచి కార్డులు రాసేది. బడికి పెంకుల కప్పు ఉందట, గాలి బాగా వస్తుందట, పిల్లలు మర్యాదస్తులట. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు.

నోటీసు గడువు తీరింది. నేను మేనేజరు దగ్గరికి పోయి నిలబడ్డాను. కొత్త టీచరు రాలేదు, ఎవరికి అప్పగిస్తావన్నాడు. ఇంకోసారి పోతే, బడిలో చేరినప్పుడు తీసుకున్న నా ట్రైనింగు సర్టిఫికెట్ ఇనప్పెట్టెలో ఉంది, తాళం తన కొడుకు దగ్గరుంది, కొడుకు ఆదోనికి పోయాడన్నాడు. కొడుకు వచ్చాక, మంచి రోజు కాదన్నాడు. ట్రైనింగు అయిన ఆడ టీచరు ఆ రోజుల్లో వెతికినా దొరికేది కాదు. ఆ మనిషి లేకుంటే ఆ క్లాసు గ్రాంటు తెగుతుంది. ఇది నాకు తెలుసు. అయినా నా మనసులో ఇదంతా ఆ బొట్టు దగ్గరికే పోయి ఆగేది. ఆమెకైతే ఇనప్పెట్టె ఒక్క పూటలో తెరుచుకుంది కదా.

చివరికి ఒకనాడు సెలవు పెట్టి జమ్మలమడుగు బస్సెక్కాను. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఆఫీసు అక్కడే ఉండేది. ఆఫీసుకు పోయే దారిలోనే ఆమె బడి. చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి చూశాను. చేతుల కుర్చీ, గోడకు కొత్త దేశపటం, పిల్లలు వరుసగా. ఆమె నన్ను చూసి బయటికి వచ్చింది. కాగితాలు వచ్చినాయా అని అడిగింది. వస్తాయిలే అని ముఖం తిప్పుకుని నడిచాను.

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ముసలాయన. నా పోస్టు రశీదు కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. తేదీ ఉంది, మేనేజరు సంతకం ఉంది.

"నోటీసు గడువు తీరి శానా దినాలాయ. నిన్ను ఆపే హక్కు ఆయనకు లేదమ్మా," అన్నాడు. "నీ దగ్గరున్న రిజిస్టర్లు, సామాన్లు జాబితా రాసి ఆయనకు అప్పగించు. తీసుకోకపోతే అదీ పోస్టులోనే పంపు, నకలు నాకియ్యి. అప్పగించిన తేదీ దాటినాక నీ పేరు మీద గ్రాంటు రాసినాడంటే నేను కొట్టేస్తా. ఈ మాట ఆయనకు ఇప్పుడే రాస్తాండా."

మళ్లీ పోస్టే. నాకు నవ్వు వచ్చింది. బొట్టు లేని దానికి ఈ దేశంలో పోస్టాఫీసే పుట్టిల్లు అనుకున్నాను.

ఆయన ఉత్తరం అందిన మర్నాడు మేనేజరు నన్ను పిలిపించాడు. ఇనప్పెట్టె తెరిచే ఉంది. నా ట్రైనింగు సర్టిఫికెట్ బల్ల మీద ఉంది. గుమస్తా రిలీవింగ్ ఆర్డరు రాసి, సర్వీసు సర్టిఫికెట్ మామూలు మాటలతో పూర్తి చేసి ముందు పెట్టాడు. మేనేజరు సంతకం పెట్టబోయి ఆగి, కలం సిరాలో ముంచి, తన చేత్తోనే సర్టిఫికెట్ కింద ఇంకేదో రాసి, రెండింటి మీదా సంతకం పెట్టాడు. నేను చదవకుండానే తీసుకుని నమస్కారం పెట్టాను. తిట్టు రాసి ఉంటాడనుకున్నాను. సందు దాటాక చూశాను. తెలుగులో, వంకర టింకర అక్షరాల్లో ఇలా ఉంది: "ఈమెను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. గతిలేక వదులుతున్నాను."

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దాన్ని చదివి, సర్టిఫికెట్‌లో ఇట్లా రాసినోణ్ణి ఇంతవరకూ చూడలేదంటూ, కళ్లజోడు తీసి తుడుచుకుని, పక్కన సంతకం పెట్టి ముద్ర వేశాడు. నేను పులివెందులలో చేరాను. గది దొరికింది, పొయ్యి దొరికింది. మొదటి రోజు సంగటి మాడిపోయింది, అదే తిన్నాను.

ఏడాది దాటాక ఉపాధ్యాయుల సభ ఒకటి ప్రొద్దుటూరులో జరిగింది. ఆమె కూడా వచ్చింది. సీనియారిటీ జాబితా గోడకు అంటించారు. ఆమె పేరు పైన, నా పేరు ఎక్కడో కింద.  ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది. అప్పుడు ఉండబట్టలేక అనేశాను, నీకేమమ్మా, పెద్దామె బొట్టు పెట్టింది, నేను పోస్టుమాన్‌ను నమ్ముకోవలసి వచ్చింది అని.

 ఆమె నా వైపు తిరిగి, నా సర్టిఫికెట్ మీద మేనేజరు ఏదో రాశాడంట, నిజమేనా అని అడిగింది. ఆ మాట మేనేజరు గుమస్తా ఊరంతా చెప్పినట్టుంది. కాగితం నా సంచీలోనే ఉంది. ఎక్కడికి పోయినా వెంట ఉంచుకునేదాన్ని. తీసి ఇచ్చాను. గొప్ప కోసమే ఇచ్చాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"బొట్టు వల్ల కాదక్కా," అంది. "నేను ఆడ నాలుగేండ్లు చేసినా. కాగితం ముందర పెడితే తల కూడా ఎత్తలేదు, సంతకం పెట్టి తోసినాడు. ఇంకొక దినం ఉండమ్మా అని ఒక్కరు అనలే. నిన్ను మాత్రం ఇనప్పెట్టెలో పెట్టి తాళం ఏసుకున్యాడు."

నాకు సంతోషం కలిగింది. దాచడమెందుకు, కడుపు చల్లబడింది. ఇన్నాళ్లూ నేను ఒక్కదాన్నే కుళ్లుకున్నాననుకున్నాను, ఆమె కూడా జమ్మలమడుగు కుర్చీలో కూర్చుని నా వసారా వైపు చూస్తూ ఉండిందన్నమాట. కాగితం కోసం చెయ్యి చాపాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టుకుని అట్లే నిలబడింది. నేను కూడా తొందర పెట్టలేదు.